కోత పడేది జీతంలో కాదు, హాజరులో

ప్రశ్న: మేడ్చల్ దగ్గర ఒక గోదాములో ప్యాకింగ్, లోడింగ్ పని చేస్తున్నాం. అందరం కాంట్రాక్టరు కిందే. జీతం నెలకు 15,600. మా షిఫ్టు సూపర్‌వైజర్ నోరు తెరిస్తే కోత మాటే. ఇరవై నిమిషాలు ఆలస్యమైతే సగం రోజు పోయినట్టే. ఓటీకి ఉండలేమంటే ‘‘రేపు ఆబ్సెంట్ వేస్తాను, చూసుకో’’ అంటాడు. పెట్టె పగిలితే ఆ డబ్బు షిఫ్టులో అందరికీ పంచుతాడు. జీతం వచ్చాక చూస్తే నిజంగానే తగ్గి ఉంటుంది, కానీ స్లిప్పులో జరిమానా అని ఎక్కడా రాయరు. అతని బెదిరింపులను ఫోనులో రికార్డు చేద్దామంటే లోపలికి ఫోన్లు రానివ్వరు. మాలో తెలుగువాళ్లు, ఒడిశావాళ్లు, బీహారువాళ్లు ఉన్నారు. అందరం కలిసి ఆధారాలు ఎలా పోగుచేసుకోవాలి?
– ఒక గోదాము కార్మికుడు

సమాధానం:

ముందు ఆ రికార్డింగు ఆలోచన పక్కన పెట్టండి. గేటు దగ్గర ఫోను తీసుకోవాలన్న నిబంధన ఉన్నచోట దొంగచాటుగా ఫోను లోపలికి తెస్తే మిమ్మల్ని బయటికి పంపడానికి వాళ్లకు మంచి సాకు దొరుకుతుంది. పైగా మీకు కావలసిన అసలు సాక్ష్యం అతని గొంతు కాదు. ‘‘కోస్తాను’’ అనడం వేరు, కోయడం వేరు. మీరు కార్మిక శాఖ అధికారి ముందు అడగబోయేది తగ్గిన డబ్బు. బెదిరింపు ఆ డబ్బు ఎందుకు తగ్గిందో చెబుతుంది, అంతే.

మీ ఉత్తరంలో నన్ను ఆపిన మాట ‘‘స్లిప్పులో జరిమానా అని ఎక్కడా రాయరు’’ అన్నది. రాయకపోవడం మరచిపోయి కాదు. జరిమానా అని రాస్తే దానికి చట్టంలో షరతులున్నాయి, వాటికి జవాబు చెప్పాలి. అందుకే మీ సూపర్‌వైజర్ లాంటివాళ్లు డబ్బు అంకెను ముట్టుకోరు, రోజుల అంకెను మారుస్తారు. 26 రోజులు పనిచేసినవాడికి మస్టరులో 23.5 రోజులు పడతాయి. అక్కడి నుంచి కంప్యూటర్ తన లెక్క తాను వేసుకుంటుంది. స్లిప్పు చూస్తే అన్నీ సవ్యంగా ఉంటాయి, కోతే జరగలేదనిపిస్తుంది. కాబట్టి మీరు పోగుచేయవలసింది ప్రధానంగా హాజరు లెక్క. మీ అందరి హాజరు, మీ చేతిరాతతో, ఏ రోజుది ఆ రోజే.

మీరు చెప్పిన అంకెలతోనే ఒక నెల చూద్దాం. 15,600 జీతాన్ని 26 రోజులకు పంచితే రోజుకు 600, ఎనిమిది గంటల పనికి గంటకు 75 రూపాయలు. ఒకతను 26 రోజులూ వచ్చాడు. మూడుసార్లు ఇరవై నిమిషాల చొప్పున ఆలస్యమయ్యాడు, మూడు సగం రోజులు పోయాయి. ఒక సాయంత్రం ఓటీకి ఉండనన్నాడు, ఆ పూట పని చేసిన రోజుకే ఆబ్సెంట్ పడింది. పగిలిన సరుకులో వాటా కింద 150 తీసుకుని స్లిప్పులో ‘ఇతరములు’ అని వేశారు. చెల్లించిన రోజులు 23.5, అంటే 14,100. అందులో 150 పోతే 13,950. పీఎఫ్, ఈఎస్ఐ మినహాయింపులు ఇంకా వేరు. చట్టం ప్రకారం తగ్గించదగినది ఎంత? మూడు ఆలస్యాలూ కలిపితే ఒక గంట, 75 రూపాయలు. రావలసింది 15,525. అంటే ఒక్క నెలలో 1,575 రూపాయలు అక్రమంగా పోయాయి.

ఇలా ఎందుకు అంటున్నానంటే, 2025 నవంబరు 21 నుంచి దేశమంతటా అమల్లోకి వచ్చిన వేతనాల కోడ్ (2019) ఏ కారణాలకు జీతం కోయవచ్చో 18వ సెక్షన్‌లో వరుసగా చెప్పింది. ఆ వరుసలో లేని కారణానికి కోత చెల్లదు. ఓటీకి ఉండకపోవడం అందులో లేదు. పనికి రాని సమయానికి కోయవచ్చు, కానీ రాని సమయం ఎంతో కోత కూడా అంత నిష్పత్తిలోనే ఉండాలని 20వ సెక్షన్ అంటుంది. ఇరవై నిమిషాలకు 25 రూపాయలే తప్ప 300 కాదు. మిమ్మల్ని తెచ్చేది కాంట్రాక్టరు బస్సే అయి, ఆ బస్సే ఆలస్యంగా వస్తే ఆ 25 కూడా ఎందుకు కోశారని వాదించవచ్చు. అందుకే బస్సు ఏ వేళకు వచ్చిందో కూడా రాసుకోవాలి.

‘‘అది గైర్హాజరు కాదు, క్రమశిక్షణ కోసం వేసిన జరిమానా’’ అంటారా? అప్పుడు 19వ సెక్షన్ వర్తిస్తుంది. ఏయే తప్పులకు జరిమానా వేస్తారో ప్రభుత్వ ఆమోదంతో ముందే నోటీసు బోర్డు మీద పెట్టి ఉండాలి. వేసే ముందు మీ వివరణ అడగాలి. నెల మొత్తానికి కలిపి జీతంలో 3 శాతం దాటకూడదు, అంటే మీ జీతానికి 468 రూపాయలు. దాన్ని రిజిస్టరులో ఎక్కించాలి. వసూలైన సొమ్మును కార్మికుల మేలుకే ఖర్చు పెట్టాలి, కాంట్రాక్టరు జేబులో వేసుకోకూడదు. ఇక పగిలిన పెట్టె సంగతి. సరుకు ఎవరికి ప్రత్యేకంగా అప్పగించారో వారి దగ్గర, అదీ వారి నిర్లక్ష్యం వల్లే నేరుగా నష్టం జరిగినప్పుడు, వారి మాట విన్న తర్వాతే, నష్టం మేరకే కోయాలి. షిఫ్టు అందరికీ పంచడం అంటే ఎవరి తప్పో తమకు తెలియదని వాళ్లే ఒప్పుకున్నట్టు. ఏ పేరు పెట్టి కోసినా ఆ పేరుకు తగిన షరతు ఒకటి ఎదురవుతుంది. పేరు పెట్టకుండా హాజరులో కోస్తున్నది అందుకే.

కొందరు కాంట్రాక్టర్లు ‘‘సగం జీతం దాకా కోయవచ్చని చట్టంలోనే ఉంది’’ అని కాగితం చూపిస్తారు. చట్టబద్ధమైన కోతలన్నీ కలిపినా 50 శాతం దాటకూడదన్న గరిష్ఠ పరిమితి అది. కోయడానికి ఇచ్చిన అనుమతి కాదు.

ఇప్పుడు మీ పుస్తకం సంగతి. ఒక్కొక్కరికి ఒక చిన్న నోటుబుక్కు, పేజీలకు ముందే వరుస అంకెలు వేసి పెట్టుకోండి. అంకెలున్న పుస్తకంలో మధ్య పేజీ చింపి తర్వాత రాసినట్టు ఎవరూ అనలేరు. ప్రతిరోజూ డ్యూటీ అయ్యాక, బస్సులోనో గదికి చేరాకో, పడుకునే లోపు రాయాలి. బస్సు వచ్చిన వేళ, గేటు దగ్గర వేలిముద్ర వేసిన వేళ, పని చేసిన చోటు, బయటికి వచ్చిన వేళ రాయండి. ఆ రోజు సూపర్‌వైజర్ ఏమైనా అంటే ఆ మాట, విన్నవాళ్లు. అంతే, వ్యాఖ్యానం వద్దు.

‘‘సూపర్‌వైజర్ మమ్మల్ని రోజూ వేధిస్తున్నాడు’’ అన్న వాక్యం పనికిరాదు. ‘‘జనవరి 20, మంగళవారం. బస్సు 9.10కి వచ్చింది, వేలిముద్ర 9.20కి పడింది. మూడో డాక్ దగ్గర లోడింగ్. సాయంత్రం 5.45కి ఓటీ అడిగారు, ఇంట్లో పాపకు జ్వరం, ఉండలేను అన్నాను. ‘రేపు చూడు, ఈ రోజుకి ఆబ్సెంట్ పడుతుంది’ అన్నారు. పక్కన ఇద్దరు విన్నారు (వాళ్ల పేర్లు). 6.05కి బయటికి వేలిముద్ర వేశాను’’. ఇది పనికొస్తుంది. నెల తర్వాత స్లిప్పులో ఒక రోజు తగ్గినప్పుడు ఈ పేజీ, ఆ ఇద్దరి పేజీలు పక్కపక్కన పెడితే సరిపోతుంది.

మీ తప్పులు కూడా రాయండి. ఇరవై నిమిషాలు ఆలస్యమైతే ఇరవై అనే రాయాలి, ఐదు కాదు. గేటు యంత్రంలో 9.20 అని ఉండి మీ పుస్తకంలో 9.05 అని ఉంటే ఆ ఒక్క గీతతో మిగిలిన పేజీలన్నీ అనుమానంలో పడతాయి. తనకు నష్టం కలిగించే నిజాన్ని కూడా రాసుకున్న పుస్తకాన్నే విచారణ చేసే అధికారి నమ్ముతాడు.

కలిసి రాయడం అంటే ఒకరు చెబుతుంటే అందరూ ఒకే మాట దించుకోవడం కాదు. ఇక్కడే చాలా బృందాలు దెబ్బతింటాయి. ఇరవై పుస్తకాల్లో ఒకే వాక్యం, ఒకే కామా కనిపిస్తే అవతలి వకీలు పని సులువవుతుంది. ఎవరు చూసింది వాళ్లు, ఎవరి మాటల్లో వాళ్లు రాయాలి. మాట వినబడని మనిషి ‘‘నేను వినలేదు. ఆ రోజు నేనూ పనిలోనే ఉన్నాను, ఇతను 6.05 వరకు నా పక్కనే ఉన్నాడు’’ అని రాస్తే చాలు. నిజానికి ఆ రెండో వాక్యమే మీకు ఎక్కువ విలువైనది. ఒడిశా మిత్రులు ఒడియాలో, బీహారువాళ్లు హిందీలో రాయనివ్వండి. మీరు తెలుగులోకి మార్చి రాయకండి, అనువాదం తర్వాత చేయించుకోవచ్చు. చదువు రానివాళ్లకు మరొకరు రాసిపెట్టి, పైకి చదివి వినిపించి, వేలిముద్ర తీసుకుని, ‘రాసినది నేను’ అని కింద తమ పేరు పెట్టాలి.

పుస్తకం ఒక్కటే చాలదు, ఎందుకంటే అది మీ మాట. దానికి తోడుగా కాంట్రాక్టరు చేతి నుంచే వచ్చిన కాగితాలు కొన్ని ఉంటాయి. వేతన స్లిప్పు ఇవ్వడం యజమాని బాధ్యత. ఇవ్వకపోతే అడిగిన తేదీ పుస్తకంలో రాయండి. జీతం పడ్డట్టు బ్యాంకు పంపిన సందేశాన్ని చెరిపేయకండి. హాజరు యాప్‌లో కనిపిస్తే నెల మారేలోపు తెరపట్టు తీసి ఉంచుకోండి, నెల మారగానే పాతది మాయమయ్యే యాప్‌లున్నాయి. సూపర్‌వైజర్ వాట్సాప్‌లో పెట్టిన బెదిరింపు ఉంటే తెరపట్టుతో సరిపెట్టుకోకండి. ఆ సందేశం వచ్చిన ఫోనులోనే దాన్ని అలాగే ఉంచాలి. అవసరమైతే ఆ ఫోనునే చూపించవలసి వస్తుంది.

చాలామందికి తెలియని ఆధారం ఇంకొకటి ఉంది. మీ జీతం 21,000 లోపు కనుక మీరు ఈఎస్ఐ కిందికి వస్తారు. కాంట్రాక్టరు ప్రతి నెలా ఈఎస్ఐకి మీ చందా కట్టేటప్పుడు ఆ నెలలో మీరు ఎన్ని రోజులు పని చేశారో, ఎంత జీతమో కూడా చెప్పాలి. మీ బీమా నంబరుతో ఈఎస్ఐ వెబ్‌సైటులో ఆ వివరం చూసుకోవచ్చు. అక్కడ 26 రోజులు అని ఉండి మీ స్లిప్పులో 23.5 అని ఉంటే రెండూ అతను చెప్పినవే, ఏది నిజమో అతనే చెప్పాలి. రెండు చోట్లా 23.5 ఉంటే దిగులు పడనక్కరలేదు, మీ పుస్తకాలు, బస్సు వేళలు, గేటు హాజరు మాట్లాడతాయి. మీ పేరే ఈఎస్ఐలో లేకపోతే అది ఇంకో పెద్ద తప్పు, దానికి విడిగా ఫిర్యాదు చేయవచ్చు. పీఎఫ్ పాస్‌బుక్కు కూడా తీసి చూడండి. మీ యజమానిగా కాగితం మీద ఏ పేరు ఉందో అందులో తెలుస్తుంది. గేటు మీద బోర్డు ఒకరిది, పాస్‌బుక్కులో పేరు మరొకరిది కావడం మన గోదాముల్లో మామూలే. దరఖాస్తులో ఇద్దరినీ చేర్చాలి. కాంట్రాక్టరు చెల్లించకపోతే ప్రధాన సంస్థే చెల్లించవలసి ఉంటుంది.

ఏం తీసుకోకూడదో కూడా చెప్పాలి. ఖాతాదారుల చిరునామాలున్న లేబుళ్లు, కంపెనీ కంప్యూటర్ తెర, స్టాకు జాబితా, ఇవేవీ ఫొటో తీయకండి. మీ కేసుకు అవి అక్కరలేదు. మీ మీద దొంగతనం కేసు పెట్టడానికి మాత్రం పనికొస్తాయి.

ప్రతి నెలా జీతం పడ్డ వారంలో నమ్మకస్తులైన ముగ్గురు, వీలైతే ఒక్కో భాషవారు ఒకరు, కూర్చుని అందరి పుస్తకాల నుంచి ఒక పెద్ద పట్టిక వేయాలి. పేరు, నిజంగా పనిచేసిన రోజులు, స్లిప్పులో రోజులు, రావలసిన డబ్బు, వచ్చిన డబ్బు, తేడా, కారణంగా చెప్పిన మాట. ఈ పట్టికలో మీకే తెలియని సంగతులు బయటపడతాయి. బహుశా కోతలన్నీ ఓటీ కాదన్న మరుసటి నెలలోనే పడి ఉంటాయి. లేదా కోత పడినవాళ్లంతా ఒకే రాష్ట్రంవాళ్లై ఉంటారు. బెదిరింపు సగం మందికి వచ్చి నిజమైన కోత నలుగురికే పడి ఉండవచ్చు కూడా. అలాగైతే ఆ నలుగురి కేసే వేయాలి, మిగిలినవారు సాక్షులుగా ఉండాలి. పట్టికను ఫొటో తీసి ఇద్దరు ముగ్గురు తమ ఇళ్లలో విడివిడిగా దాచుకోవాలి. దాన్ని యాభై మంది ఉన్న వాట్సాప్ గ్రూపులో పెట్టకండి. అందులో ఒకరు సూపర్‌వైజర్‌కు చేరవేసేవాడు ఉంటాడని అనుకునే నడుచుకోవాలి. గ్రూపులో తిట్లు అసలే వద్దు, రేపు అవతలివాళ్లు ముందు చూపించేది ఆ తిట్లనే.

పట్టికలో ఒక్క చోట జాగ్రత్త. తగ్గినదంతా జీతం కోత కాదు. అటెండెన్స్ బోనస్, ఎక్కువ ప్యాకింగుకిచ్చే ఇన్సెంటివ్ ఉంటే అవి ఏ షరతుతో ఇస్తామన్నారో ముందు తెలుసుకోండి. ఒక్కరోజు కూడా మానకపోతేనే ఇస్తామని ముందే రాతపూర్వకంగా చెప్పి, మీరు ఒకరోజు మానితే, అది ఇవ్వకపోవడాన్ని కోత అని నెగ్గించడం కష్టం. దాన్ని వేరే గడిలో వేయండి. అసలు జీతంతో కలిపి పెద్ద అంకె చూపిస్తే ఆ ఒక్క పొరపాటుతో మొత్తం లెక్క పల్చనవుతుంది.

రెండు మూడు నెలల లెక్క చేతికొచ్చాక నేరుగా ఫిర్యాదుకు వెళ్లకుండా ముందు ఒక ఉత్తరం రాయండి. కాంట్రాక్టరుకు, గోదాము హెచ్‌ఆర్‌కు, వీలైనంతమంది సంతకాలతో. గొడవ మాటలు లేకుండా కొన్ని ప్రశ్నలు మాత్రమే: మా ఫలానా తేదీల హాజరు ఏ ఆధారంతో తగ్గించారు, జరిమానా అయితే అనుమతించిన తప్పుల నోటీసు ఎక్కడ పెట్టారు, జరిమానాల రిజిస్టరు చూపగలరా. చేతికిస్తే నకలు మీద సంతకం తీసుకోండి, ఇవ్వకపోతే స్పీడ్ పోస్టులో పంపి రసీదు దాచండి. చాలాచోట్ల ఈ ఉత్తరంతోనే వచ్చే నెల హాజరు సక్రమంగా పడుతుంది, ఎందుకంటే కోస్తున్నది సూపర్‌వైజర్ సొంత తెలివితోనని, హెచ్‌ఆర్‌కు తెలియదని తేలుతుంది. జవాబు రాకపోతే ఆ మౌనం కూడా ఫైల్లో పడుతుంది.

కోపం వచ్చి ఒక్కమాటుగా పని ఆపేయకండి. పది మంది లేదా అంతకన్నా ఎక్కువ మంది కూడబలుక్కుని, నోటీసు లేకుండా, సరైన కారణం లేకుండా పని మానితే ఒక్కొక్కరికి ఎనిమిది రోజుల జీతం దాకా కోయడానికి అదే 20వ సెక్షన్ వీలిస్తుంది. లోపల ఉండి చేతులు కట్టుకు కూర్చున్నా గైర్హాజరుగానే లెక్క వేయవచ్చు. సగం మంది, అంతకు మించి ఒకే రోజు సెలవు పెడితే పారిశ్రామిక సంబంధాల కోడ్ దాన్ని సమ్మెగా చూస్తుంది, దానికి ముందస్తు నోటీసు తప్పనిసరి. అక్రమ కోత గురించి అడగబోయి సక్రమమైన కోతను మీరే తెచ్చుకున్నట్టవుతుంది.

ఫిర్యాదు మీ ప్రాంత కార్మిక శాఖ కార్యాలయంలో, వేతనాల కోడ్ 45వ సెక్షన్ కింద ఇవ్వాలి. కోత పడిన నాటి నుంచి మూడేళ్ల గడువుంది. కోడ్ అమల్లోకి రాకముందు నెలల కోతలు కూడా ఉంటే పాత వేతనాల చెల్లింపు చట్టంలో గడువు ఏడాదే, కాబట్టి వాటిని ఆలస్యం చేయకండి. ఎంతమందైనా ఒకే దరఖాస్తు పెట్టుకోవచ్చు. రిజిస్టరైన యూనియన్‌లో మీరు సభ్యులైతే యూనియనే మీ తరఫున వేయవచ్చు. మూడు నెలల్లో తేల్చడానికి ప్రయత్నించాలని చట్టం చెబుతుంది, అంతకు మించి పట్టినా ఆశ్చర్యపోకండి. బకాయికి తోడు దానికి పది రెట్ల వరకు పరిహారం వేసే అధికారం ఉంది కానీ ఆ పది రెట్లను లెక్కలో వేసుకుని అప్పులు చేయవద్దు. ఇవ్వవలసింది ఇచ్చేశామని రుజువు చేసే భారం 59వ సెక్షన్ ప్రకారం యజమానిదే. అది మీకు పెద్ద బలం. అయితే వాళ్లు మస్టరు తెచ్చి ‘‘ఆ రోజు ఇతను అసలు రానేలేదు’’ అన్నప్పుడు నిలబడేది మీ నోటుబుక్కే.

కాంట్రాక్టు పనిలో అసలు భయం ‘‘రేపటి నుంచి రావద్దు’’ అన్న మాట. దాన్ని చట్టం వెంటనే ఆపలేదు, ఆ విషయం మీ దగ్గర దాచను. అలా పంపితే రావలసిన జీతం రెండు పనిదినాల్లో ఇచ్చేయాలి, తొలగింపు మీద వేరే ఫిర్యాదు కూడా పెట్టవచ్చు. అయినా ఈ లోపు ఇల్లు గడవాలి. అందుకే మొదటి సంతకం ఎవరిది అన్నది తేలిగ్గా తీసుకోకండి. ఊళ్లో పెద్ద అప్పు ఉన్నవారిని, కొత్తగా చేరినవారిని ముందు వరుసలో పెట్టవద్దు. యూనియన్ ద్వారా వేస్తే ఆ బరువు కొంత తగ్గుతుంది.

దరఖాస్తు వేశాక కాంట్రాక్టరు మనిషి ఒక్కొక్కరినీ విడిగా పిలుస్తాడు. చేతిలో వెయ్యో పదిహేను వందలో పెట్టి ‘నాకు ఏ బకాయీ లేదు’ అన్న కాగితం మీద సంతకం అడుగుతాడు. డబ్బు మీదే, తీసుకోండి. సంతకం పక్కన ‘ఫలానా నెలకు ఇంత అందింది’ అని మీ చేత్తో రాసి తేదీ వేయండి. ఖాళీ కాగితం మీద మాత్రం ఎట్టి పరిస్థితిలోనూ సంతకం పెట్టకండి. రాయనివ్వకుండా బలవంతంగా సంతకం తీసుకుంటే ఆ రాత్రే పుస్తకంలో ఎక్కించి, మరునాడు ఆ సంగతి రెండు వాక్యాల్లో కార్మిక అధికారికి రాసి ఇవ్వండి.